తీగ మింగేసిన మాట

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినిపిస్తోంది కదా? సరే.

ఆహ్వాన పత్రంలో నా ప్రసంగం పేరు ‘టెలిగ్రాఫ్, వార్తా సంస్థల చరిత్ర’ అని వేశారు. అంత చరిత్ర ఒక గంటలో చెప్పడం నా వల్ల కాదు. అందుకని రెండు రోజులు మాత్రం ఎంచుకున్నాను. ఒకటి 1865 ఏప్రిల్ 14 రాత్రి. రెండోది 1918 నవంబర్ 7 సాయంత్రం. ఈ రెండింటి మధ్య వార్తలోంచి ఒక ముక్క జారిపోయింది. ‘ఎవరు చెప్పారు’ అనే ముక్క. అది ఎలా జారిందన్నదే నేను చెప్పబోయే కథ.

టెలిగ్రాఫ్ తీగ లేని రోజుల్లో దూరపు వార్త అంటే ఉత్తరం. ఓడ మీదో గుర్రం మీదో వచ్చేది. 1814 డిసెంబర్ 24న బ్రిటన్, అమెరికా ప్రతినిధులు బెల్జియంలోని గెంట్ పట్నంలో సంధి మీద సంతకాలు పెట్టారు. ఆ కబురు అట్లాంటిక్ దాటేలోగా 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర రెండు సైన్యాలూ యుద్ధం చేసుకున్నాయి. సంధి కుదిరిందని అక్కడ ఎవరికీ తెలియదు. వార్త అంత నెమ్మది. కానీ ఆ నెమ్మదిలో ఒక సుఖం ఉండేది. ఉత్తరం రాసేవాడికి కాగితం కరువు లేదు. ఎవరి నోట విన్నాడో, వాళ్లను ఎంతవరకు నమ్మవచ్చో, తనకేమనిపించిందో, అన్నీ తీరిగ్గా రాసేవాడు. చదివేవాడికి మనిషి కనిపించేవాడు.

1844 మే నెలలో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తీగ వేసి చూపించాడు. రెండేళ్లకే మెక్సికోతో యుద్ధం వచ్చింది. కబుర్లు తెప్పించడం ఒక్క పత్రిక భరించగలిగే ఖర్చు కాదు. న్యూయార్క్ పత్రికల యజమానులు, రోజూ ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు, ఖర్చు పంచుకోవడానికి ఒక చోట కూర్చున్నారు. అసోసియేటెడ్ ప్రెస్ అలా పుట్టింది. ఒకే రిపోర్టరు, ఒకే కాపీ, దాన్ని వాడుకునే పత్రికలు మాత్రం ఒకదానికొకటి పడనివి. ఇక ఆ రిపోర్టరు ఎవరి వైపు రాయాలి?

ఎవరి వైపూ రాయకూడదు. వాషింగ్టన్‌లో ఆ సంస్థ ఏజెంటు లారెన్స్ గోబ్రైట్ 1862లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఇదే చెప్పాడు. తన పని వాస్తవాలు చేరవేయడం, వాటి మీద వ్యాఖ్య చేయడానికి తనకు అనుమతి లేదు, తన కాపీ అన్ని రకాల రాజకీయాల పత్రికలకూ వెళ్తుంది అన్నాడు. నిష్పాక్షికత అని మనం ఇవాళ పెద్ద ధర్మంలా చెప్పుకునేది మొదట ఇలా కొనేవాళ్లందరికీ పనికొచ్చే సరుకు తయారు చేయాల్సిన అవసరంలోంచి వచ్చింది. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అవసరంలోంచి వచ్చిన మంచి అలవాట్లు చాలానే ఉంటాయి.

ఇప్పుడు మొదటి రాత్రికి వద్దాం. ఈ గోబ్రైటే ఆ రాత్రి తన ఆఫీసులో ఉన్నాడు. ఫోర్డ్స్ థియేటర్ నుంచి తెలిసిన మనిషి బండిలో పరుగున వచ్చి, లింకన్‌ను కాల్చారని చెప్పాడు. గోబ్రైట్ వెంటనే ఒక్క వాక్యం తీగ మీద పంపాడు. ప్రెసిడెంటును ఈ రాత్రి ఒక థియేటర్‌లో కాల్చారు, బహుశా ప్రాణాంతకమైన గాయం కావచ్చు. అంతే. తర్వాత తానే థియేటర్‌కు వెళ్లాడు. అక్కడ హంతకుడి చిన్న పిస్తోలు దొరికినవాడు దాన్ని తెచ్చి ఇతని చేతిలోనే పెట్టాడు. తర్వాత అది పోలీసులకు చేరింది. వార్త రాయడానికి వెళ్లిన మనిషి చేతికి సాక్ష్యం వచ్చిందన్నమాట.

ఆ ‘బహుశా’ అనే మాట చూడండి. తనకు తెలిసినంతే చెప్పాడు, తెలియని చోట ఆగాడు. ఆ తర్వాత ఇంకా విచిత్రం జరిగింది. మర్నాడు న్యూయార్క్ ట్రిబ్యూన్ తనకు అందిన టెలిగ్రాములను వచ్చిన వరసలోనే అచ్చు వేసింది. మొదటిది ఈ వాక్యం. రెండోది ఎడిటర్లకు వచ్చిన సూచన: ప్రెసిడెంటు గురించిన ఆ వార్తను ఆపమని మన వాషింగ్టన్ ఏజెంటు అంటున్నాడు, అది నిజమో కాదో మాత్రం ఏమీ చెప్పలేదు. మూడోది ఆ పత్రిక సొంత విలేఖరి పంపింది. తూటా మెడలోకి దిగింది, ప్రాణాంతకమో కాదో తెలియదు అని.

మూడూ పక్కపక్కనే అచ్చయ్యాయి. మెడా? తలా? వార్త ఉందా, రద్దయిందా? ఏదీ తేల్చలేదు. ఇవాళ ఏ డెస్కు అయినా ఆ మూడింటినీ కలిపి నున్నగా ఒక కథ చేసేస్తుంది. మూడు ముక్కలూ అతుకులతో సహా కనిపిస్తే పాఠకుడికి ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ పేజీ అందంగా ఉండదు కానీ నాకు చాలా ఇష్టం.

ఇక అదే రాత్రి ఇంకో కలం. యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్. థియేటర్ ఎదురింట్లో లింకన్ చావుబతుకుల్లో ఉంటే, పక్క గదిలో కూర్చుని న్యూయార్క్‌లోని జనరల్ డిక్స్‌కు టెలిగ్రాములు పంపిస్తున్నాడు. తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు పంపిన టెలిగ్రాము పత్రికల్లో మొదటి వార్తగా వచ్చింది. మొదటి వాక్యంలోనే ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని, ఎలా అన్నీ ఉన్నాయి. తర్వాత గాయం సంగతి. తర్వాత విదేశాంగ మంత్రి సీవార్డ్ మీద జరిగిన దాడి. పెద్ద సంగతి ముందు, చిన్నవి వెనక. జర్నలిజం క్లాసులో తలకిందుల పిరమిడ్ అని నేర్పేది ఇదే.

ఇక్కడ మనం చాలాకాలంగా చెప్పుకుంటున్న ఒక కథను కొంచెం సర్దాలి. తీగ ఎప్పుడు తెగుతుందో తెలియదు కాబట్టి విలేఖరులు ముఖ్యమైనది ముందు పెట్టడం నేర్చుకున్నారని చెబుతుంటాం. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే చెప్పాను. కానీ ఆ రాత్రి గోబ్రైట్ పంపిన పెద్ద కాపీ తీసి చూడండి. లింకన్ దంపతులు ఈ సాయంత్రం నాటకం చూడటానికి ఫోర్డ్స్ థియేటర్‌కు వెళ్లారు అని మొదలవుతుంది. జనరల్ గ్రాంట్ కూడా వస్తాడని పత్రికల్లో ప్రకటించారు కానీ ఆయన రైలెక్కి న్యూజెర్సీ వెళ్లాడు అంటుంది. థియేటర్ కిక్కిరిసి ఉంది, అందరూ ఆనందంగా ఉన్నారు అంటుంది. అప్పుడుగానీ పిస్తోలు పేలదు. దేశంలోకెల్లా పెద్ద వార్తా సంస్థ ఏజెంటు, తీగ కోసమే రాసే మనిషి, ఆ రాత్రి కథ మొదటినుంచి చెప్పాడు. పిరమిడ్ రాసింది విలేఖరి కాదు, మంత్రి. ఆఫీసు కాగితాల భాష అది. పత్రికల్లో ఆ పద్ధతి మామూలు కావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. తీగ ఒక కారణమే, ఒక్కటే కారణం కాదు.

అయితే స్టాంటన్ టెలిగ్రాములో ఇంకో పాఠం ఉంది. ఆయన రాత్రి సుమారు తొమ్మిదిన్నరకు కాల్చారన్నాడు. నిజానికి పదీ పావు ప్రాంతంలో జరిగింది. లింకన్ పక్కన ఉన్న మిస్ హారిస్‌ను మిసెస్ హారిస్ చేశాడు. మేజర్ రాత్‌బోన్ పేరు రాత్‌బర్న్ అయింది. సీవార్డ్ గాయాలు ప్రాణం తీస్తాయని నా భయం అన్నాడు. సీవార్డ్ బతికాడు. ఇన్ని తప్పులున్నా ఆ కాపీ పాఠకుణ్ని మోసం చేయలేదు. ఎందుకంటే పైన ‘యుద్ధ శాఖ, వాషింగ్టన్, ఏప్రిల్ 15, రాత్రి 1.30’ అని ఉంది, కింద స్టాంటన్ సంతకం ఉంది. ‘నా భయం’ అన్నప్పుడు ఆ ‘నా’ ఎవరో పాఠకుడికి తెలుసు. తప్పు జరిగితే ఎవరి తప్పో కూడా తెలుసు.

ఈ వార్త లండన్ చేరడానికి ఎన్నాళ్లు పట్టిందో చూడండి. 1858లో అట్లాంటిక్ అడుగున ఒక కేబుల్ వేశారు కానీ అది మూడు వారాలు బతికింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డుకు చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. తర్వాత కేబుల్ మూగబోయింది. కాబట్టి 1865లో మళ్లీ ఓడే గతి. లండన్‌లో వార్తా సంస్థ నడిపే రాయిటర్ ఒక ఉపాయం చేశాడు. ఐర్లండ్ నైరుతి కొసన క్రుక్‌హేవెన్ అనే చోటి దాకా సొంత తీగ వేయించాడు. అమెరికా నుంచి వచ్చే ఓడ ఆ తీరం పక్కగా పోతూ, కాగితాలు పెట్టి మూసిన డబ్బాను నీళ్లలో పడేస్తుంది. రాయిటర్ పడవవాళ్లు దాన్ని ఏరుకుని ఒడ్డుకు తెస్తారు. ఓడ రేవు చేరేలోగా వార్త తీగ మీద లండన్ చేరిపోతుంది. అలా ఆదా అయ్యేవి కొన్ని గంటలే. ఆ కొన్ని గంటలే ఆయన వ్యాపారం.

ఇంత చేసినా లింకన్ వార్త లండన్‌లో బయటపడింది ఏప్రిల్ 26న. హత్య జరిగిన పన్నెండో రోజు. సరిగ్గా ఆ రోజు తెల్లవారుజామునే వర్జీనియాలో ఒక పొగాకు కొట్టంలో హంతకుడు బూత్‌ను సైనికులు కాల్చి చంపారు. లండన్‌లో జనం హత్య సంగతి చదువుతున్నారు, అవతల హంతకుడి కథే ముగిసిపోయింది.

మరుసటి ఏడు, 1866 జూలైలో, గట్టి కేబుల్ పడింది. ధర మొదట్లో 20 మాటలకు 20 పౌండ్లు. చిరునామా, సంతకం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అంటే మాటకు ఒక పౌండు. ధరలు తర్వాత బాగా తగ్గాయి కానీ మాట లెక్కన డబ్బు కట్టే పద్ధతి పోలేదు. అక్కణ్నుంచి ఒక కొత్త భాష పుట్టింది. ఇంగ్లిష్‌లో దానికి కేబులీజ్ అని పేరు. రెండు మాటల్ని ఒకటిగా అంటిస్తారు. ‘దిస్ మార్నింగ్’ రెండు మాటలు, ‘స్మార్నింగ్’ ఒకటి. ‘నాట్’ అని విడిగా రాస్తే ఒక మాట ఖర్చు, ముందు ‘అన్’ తగిలిస్తే ఖర్చు లేదు. దేశంలోపలి తీగల మీద వాల్టర్ ఫిలిప్స్ అనే అసోసియేటెడ్ ప్రెస్ ఉద్యోగి 1879లో ఇంకో సంక్షేప కోడ్ తయారు చేశాడు. అమెరికా సుప్రీంకోర్టును ‘స్కోటస్’ అనడం ఆ వంశంలోంచి వచ్చిందే. ఇవాళ ఆ మాట టైపు చేసేవాళ్లు తెలియకుండానే పాత టెలిగ్రాఫ్ ఆపరేటర్ల భాష మాట్లాడుతున్నారు.

ఆ కుదించిన కాపీ ఇటు చేరాక డెస్కులో ఒక సబ్ ఎడిటర్ దాన్ని మళ్లీ మామూలు వాక్యాలుగా విప్పుతాడు. ఎముకలు పంపిస్తే కండ పెట్టాలి. ప్రమాదమంతా ఆ కండలోనే. పంపినవాడు రాయనిది విప్పేవాడు ఊహించుకుంటాడు.

ఇది నాకు స్వానుభవం. నేను డెస్కులో చేరిన కొత్తలో ఇంకా టెలిప్రింటర్ ఉండేది. ఒక రాత్రి ఒక మంత్రి రాజీనామా మీద కాపీ దిగింది. ‘హాజ్’ అని ఉంది, తర్వాత మూడు చెత్త అక్షరాలు, తర్వాత ‘రిజైన్డ్’. ఆ చెత్త లైను లోపమనుకున్నాను. మంత్రి రాజీనామా చేశారని చక్కగా అనువదించి పైకి పంపాను. పది నిమిషాలకు గంటలు మోగించుకుంటూ రెండో కాపీ వచ్చింది: ‘హాజ్ నాట్ రిపీట్ నాట్ రిజైన్డ్’. ఆ మూడు అక్షరాలు ‘నాట్’. పేజీ ఇంకా ప్రెస్సుకు వెళ్లలేదు కాబట్టి బతికిపోయాను. (నవ్వులు) ‘నాట్ రిపీట్ నాట్’ అని రెండుసార్లు ఎందుకు కొడతారో ఆ రాత్రి తెలిసింది. ‘నాట్ గిల్టీ’ అని రాయకుండా ‘ఇన్నోసెంట్’ అని రాయమని వార్తా సంస్థలు ఒకప్పుడు చెప్పిందీ ఇందుకే. ఒక చిన్న మాట దారిలో పడిపోతే అర్థం తిరగబడకూడదు.

‘నాట్’ పడిపోతే ఎవరో ఒకరు గమనిస్తారు. ‘ఎవరు చెప్పారు’ పడిపోతే ఎవరూ గమనించరు, ఎందుకంటే వాక్యం ఇంకా చక్కగానే చదువుకోవడానికి వస్తుంది. పైగా ఇంకా బలంగా వినిపిస్తుంది. మన భాషలోనూ చూడండి. ‘ఒప్పందం కుదిరిందని ఫలానా అధికారి చెప్పారు’. ఇందులో ‘అని’ దగ్గర్నుంచి కత్తెర వేస్తే ‘ఒప్పందం కుదిరింది’ మిగులుతుంది. ఒక మనిషి మాట కాస్తా లోకం ఒప్పుకున్న నిజం అయిపోయింది.

రెండో రోజు కథ సరిగ్గా ఇదే. 1918 నవంబర్ మొదటి వారం, మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులు. జర్మనీ లొంగిపోతుందని అందరికీ తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. యునైటెడ్ ప్రెస్ అనే ఇంకో వార్తా సంస్థ అధ్యక్షుడు రాయ్ హోవర్డ్ ఇంటికి ఓడెక్కడానికి ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని బ్రెస్ట్ రేవుకు వచ్చాడు. నవంబర్ 7 సాయంత్రం నాలుగు దాటాక, అక్కడి అమెరికన్ నౌకాదళ అధిపతి అడ్మిరల్ హెన్రీ విల్సన్‌ను కలిశాడు. విల్సన్‌కు అప్పుడే ప్యారిస్‌లోని అమెరికన్ ఎంబసీ నౌకాదళ అధికారి దగ్గర్నుంచి కబురు వచ్చింది, యుద్ధ విరమణ మీద సంతకాలయ్యాయని. పత్రికలకు ఇవ్వవచ్చా అని హోవర్డ్ అడిగాడు. ఇవ్వవచ్చన్నాడు అడ్మిరల్.

సమాచారం ఇచ్చింది అధికారిక మనిషి. అనుమతి ఉంది. అనుమానించాల్సిన పనేముంది? హోవర్డ్ టెలిగ్రాము రాశాడు. అర్జెంట్, యుద్ధ విరమణ మిత్రపక్షాలు జర్మనీ సంతకం పదకొండు ‘స్మార్నింగ్’, పోరు ఆగింది రెండు ‘సాఫ్టర్‌నూన్’, సెడాన్ పట్నం అమెరికన్లు పట్టుకున్నారు ‘స్మార్నింగ్’. చివర హోవర్డ్, సిమ్స్ అని రెండు పేర్లు. సిమ్స్ ఎవరంటే ఆ సంస్థ ప్యారిస్ మేనేజరు. ఆయన బ్రెస్ట్‌లో లేడు, ఈ వార్త సంగతి ఆయనకు తెలియదు. ఆ పేరు ఉంటే కేబుల్ ఆఫీసులో పని సులువవుతుంది, అందుకు చేర్చారు.

ఆ టెలిగ్రాములో లేనిది ఏమిటి? అడ్మిరల్ విల్సన్ లేడు. ఎంబసీ లేదు. బ్రెస్ట్ లేదు. దాన్ని స్థానిక పత్రిక ఆఫీసులో, ప్యారిస్‌తో నడిచే తీగ యంత్రం మీద కొట్టించి, ఆ కాగితపు పట్టీని టెలిగ్రాం ఫారం మీద అంటించారు. చూసేవాళ్లకు అది ప్యారిస్ నుంచి వచ్చినట్టే, అక్కడి సెన్సారు చూసినట్టే కనిపించింది. బ్రెస్ట్ సెన్సారు సిబ్బందేమో శాంతి వచ్చిందన్న సంబరంలో వీధిలో ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు అది న్యూయార్క్ చేరింది.

అక్కడి డెస్కు కళ్లతో చూడండి. కింద సంస్థ అధ్యక్షుడి పేరు, పక్కనే ప్యారిస్ మేనేజరు పేరు. యుద్ధకాలపు సెన్సారు దాటి వచ్చింది కాబట్టి ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టే. మూడు సాక్ష్యాలు ఉన్నట్టు కనిపిస్తోంది. నిజానికి ఉన్నది ఒక్కటే గొంతు, అదీ ఎవరో చెప్పగా విన్నది. వార్తను వదిలేశారు. ఆఫీసులూ ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి, జనం వీధుల్లోకి వచ్చారు, కిటికీల్లోంచి కాగితాలు చించి కురిపించారు.

అసోసియేటెడ్ ప్రెస్ దగ్గర ఈ వార్త లేదు. దాని సభ్య పత్రికలు ఫోన్లు చేసి నిలదీశాయి. జనమూ ఊరుకోలేదు. వాళ్లు తమ దగ్గర ధ్రువీకరణ లేదంటూ నిలబడ్డారు. ఆ ఒత్తిడిలో అలా నిలబడటం చిన్న సంగతి కాదు.

అది తప్పని తేల్చడానికి గొప్ప పరిశోధన అక్కర్లేకపోయింది. గడియారం చాలు. జర్మన్ ప్రతినిధులు ఫ్రెంచి సేనల హద్దు దాటింది నవంబర్ 7 రాత్రి. మిత్రపక్షాల సేనాధిపతి మార్షల్ ఫోష్‌ను కలిసింది 8వ తేదీ పొద్దున. అలాంటప్పుడు 7వ తేదీ పదకొండు గంటలకు సంతకం ఎలా పెడతారు? అమెరికా విదేశాంగ శాఖ ఆ మధ్యాహ్నమే వార్తను ఖండించింది. కానీ వీధిలో ఉన్నవాళ్లు వినే స్థితిలో లేరు.

బ్రెస్ట్‌లో ఏం జరిగిందంటే, కొద్ది గంటలకే అడ్మిరల్ దగ్గర్నుంచి హోవర్డ్‌కు కబురు వచ్చింది, ఆ సమాచారం ధ్రువపడలేదని. హోవర్డ్ వెంటనే సవరణ టెలిగ్రాము ఇచ్చాడు. మొదటిది అరగంటలో అట్లాంటిక్ దాటింది. ఈ రెండోది న్యూయార్క్‌లో డెస్కు మీదకు వచ్చేసరికి మర్నాడు అయింది. ఈసారి సెన్సారువాళ్లు తమ కుర్చీల్లో ఉన్నారు.

తర్వాత విల్సన్ బహిరంగంగా ప్రకటన ఇచ్చాడు. ఆ వార్త తన ఆఫీసు నుంచే వెళ్లింది, అధికారిక సమాచారమనే నమ్మకంతోనే ఇచ్చాం, యునైటెడ్ ప్రెస్ మంచి ఉద్దేశంతోనే పంపింది అన్నాడు. ఆ పేరు మొదటి టెలిగ్రాములోనే ఉండి ఉంటే న్యూయార్క్ డెస్కు ఏం చేసేది? ‘అడ్మిరల్ విల్సన్ ప్రకారం, బ్రెస్ట్’. ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటలు. సంధి జరుగుతున్న చోటికి వందల మైళ్ల దూరంలో, రేవులో ఉన్న నౌకాదళ అధికారికి ఈ సంగతి అందరికన్నా ముందు ఎలా తెలిసిందని ఎవరో ఒకరు అడిగేవారు.

(సభలో ఒకరు: అసలు ప్యారిస్ ఎంబసీకి ఆ తప్పుడు కబురు ఎవరిచ్చారండీ?)

అదే అండీ తమాషా. జర్మన్ గూఢచారి ఒకడు ఫోన్ చేశాడని హోవర్డ్ తర్వాత నమ్మాడు. జర్మన్ ప్రతినిధులు హద్దు దాటడానికి కొంత మేర కాల్పులు ఆపారు, ఆ సంగతే చేతులు మారుతూ యుద్ధ విరమణ అయిపోయిందని ఇంకొందరు అన్నారు. నాకు రెండోదే సబబుగా అనిపిస్తుంది, కానీ అది నా అభిప్రాయం మాత్రమే. నా పేరు పెట్టి రాసుకోండి. (నవ్వులు)

అసలు యుద్ధ విరమణ నాలుగు రోజుల తర్వాత, 11వ తేదీన వచ్చింది. ఈసారి వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖే తెల్లవారుజామున మూడుకు పది నిమిషాల ముందు పత్రికలవాళ్లకు చెప్పింది. జనం మళ్లీ వీధుల్లోకి వచ్చారు, మళ్లీ కాగితాలు చించి కురిపించారు.